బ్లాంచింగ్: బఠాణీలకు ఆ ఒకటిన్నర నిమిషం ఎందుకు

ప్రశ్న: మాది కడప. పోయిన చలికాలంలో పచ్చి బఠాణీలు చవకగా దొరికాయని రెండు కిలోల గింజలు ఒలిచి, కడిగి, సంచుల్లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. రెండు నెలలకే ఎండుగడ్డి వాసన పట్టాయి, రంగు కూడా పాలిపోయింది. ఒక వంటల పుస్తకంలో "బ్లాంచ్ చేసి దాచుకోండి" అని ఉంది. అంటే సగం ఉడికించడమేనా? ఎలాగూ తర్వాత కూరలో ఉడికేదే కదా, ముందే ఎందుకు ఉడికించాలి?

జవాబు:

సగం ఉడికించడం కాదు. బ్లాంచింగ్ అంటే కూరగాయను బాగా మరుగుతున్న నీళ్లలో కొద్దిసేపు, లెక్కపెట్టిన సమయం మాత్రమే ఉంచి, తీసిన వెంటనే మంచు నీళ్లలో ముంచి ఆ వేడిని ఆపేయడం. సగం ఉడికించేటప్పుడు మన దృష్టి గింజ మెత్తబడిందా లేదా అన్నదాని మీద ఉంటుంది. బ్లాంచింగ్‌లో మెత్తదనంతో పని లేదు. గింజ లోపల నడుస్తున్న ఒక పనిని ఆపాలి, అక్కడితో వదిలేయాలి. ఎంత వేగంగా వేడెక్కిస్తామో అంత వేగంగా చల్లార్చాలి కూడా. ఈ రెండో సగాన్ని చాలామంది ఎగ్గొడతారు. అనంతపురంలో పెళ్లి వంటలు చేసేవాడిగా, వంటశాలలో కొత్తగా చేరిన ప్రతి కుర్రవాడికీ నేను మొదట చెప్పేది ఇదే.

మీ బఠాణీలకు ఏం జరిగిందో చెబుతాను. కాయ కోసినా గింజ చచ్చిపోదు. దాని లోపల ఎంజైములు అనే మాంసకృత్తులు పనిచేస్తూనే ఉంటాయి. బఠాణీలో లైపాక్సిజనేజ్ అనే ఎంజైము బాగా చురుకైనది. గింజలో ఉన్న కొద్దిపాటి కొవ్వును గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి చెడగొట్టడం దాని పని. అలా పుట్టే పదార్థాలదే మీకు తగిలిన గడ్డి వాసన. రంగునూ తీపినీ చెడగొట్టేవి వేరే ఎంజైములు ఉన్నాయి. ఫ్రీజర్ చలి వీటి వేగాన్ని బాగా తగ్గిస్తుంది గాని పూర్తిగా ఆపదు. పైగా గింజలోని నీరు గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు కణాల గోడలను చీలుస్తాయి. అంతవరకు వేర్వేరు అరల్లో ఉన్న కొవ్వు, ఎంజైము అప్పుడు ఒకచోటికి చేరతాయి. అందుకే ఒలిచిన రోజు కమ్మగా ఉన్న గింజ రెండు నెలలకు పశువుల పాక వాసన వేస్తుంది. మీ ఫ్రిజ్‌లో లోపమేమీ లేదు.

ఎంజైము ఆకారం వేడికి చెదిరిపోతుంది, ఆ తర్వాత అది పనికిరాదు. మరిగే నీళ్లలో బఠాణీ నడిమధ్యకు ఆ వేడి చేరడానికి ఒకటిన్నర నిమిషం చాలు. పుస్తకాల్లో కనిపించే సమయాలన్నీ ఇలా ముక్క పరిమాణాన్ని బట్టి వచ్చినవే. లేత బీన్స్‌కు 3 నిమిషాలు, కాలీఫ్లవర్ రెబ్బలకు 3, చిన్న ముక్కలుగా తరిగిన క్యారెట్‌కు 2, చిన్న బెండకాయలకు 3, పెద్దవాటికి 4, పాలకూరకు 2. ఇవి ఫ్రీజర్‌లో దాచడానికి పెట్టుకున్న సమయాలు. అదే రోజు వండుకునే పులావులో బీన్స్ పచ్చగా కనబడాలనుకుంటే ఇంతసేపు అక్కరలేదు, సగం చాలు.

"ఎలాగూ తర్వాత ఉడికేదే కదా" అన్నారు. నిజమే, కాని గింజ చెడేది పొయ్యి ఎక్కాక కాదు, ఫ్రీజర్‌లో ఉన్న ఆ రెండు నెలల్లో. తర్వాత ఎంత ఉడికించినా పుట్టిన వాసన పోదు.

ఇప్పుడు పద్ధతి. మీ దగ్గర అరకిలో ఒలిచిన గింజలు ఉన్నాయనుకుందాం. సాధారణంగా చెప్పే కొలత అరకిలో కూరగాయకు 4 లీటర్ల నీళ్లు. అన్ని నీళ్లెందుకని చాలామంది లీటరుతోనే కానిచ్చేస్తారు. గది వేడిమిలో ఉన్న అరకిలో గింజలను మరుగుతున్న లీటరు నీళ్లలో వేస్తే నీళ్ల వేడి ఒక్కసారిగా 78 డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. 4 లీటర్లలో వేస్తే 93 దగ్గర ఆగుతుంది. ఆ 78 నుంచి మళ్లీ పైకి ఎక్కేంతసేపూ గింజ చాలీచాలని వేడిలో నానుతూ ఉంటుంది. తొక్క మెత్తబడుతుంది, కణాలు చిట్లుతాయి, లోపలి ఎంజైము మాత్రం ఇంకా బతికే ఉంటుంది, పైగా ఆ వెచ్చదనానికి మరింత హుషారుగా పనిచేస్తుంది. అందుకే అరకొర బ్లాంచింగ్ కన్నా అసలు చేయకపోవడమే నయం అంటారు. మాటవరసకు అంటున్నది కాదు, గింజల విషయంలో అక్షరాలా అంతే.

ఇక్కడే అనుభవం ఉన్న వంటవాళ్లు కూడా పొరబడే చోటు ఒకటుంది. నీళ్లు ఎక్కువ పోస్తే త్వరగా మళ్లీ మరుగుతాయని అనుకుంటారు. మరగవు. నీళ్లు ఎన్ని ఉన్నా, గింజలు లాగేసిన వేడి అంతే. దాన్ని తిరిగి ఇచ్చేది మంటే. కాబట్టి మళ్లీ మరిగే సమయం గింజల బరువు మీద, మంట బలం మీద ఆధారపడుతుంది. నీళ్లు ఎక్కువ ఉంటే వేడి లోతుగా పడిపోకుండా ఉంటుంది, అది వేరే లాభం. నా పెళ్లి పొయ్యి మీద గుండిగలో ఎంత వేసినా మంట తట్టుకుంటుంది. ఇంటి గ్యాసు పొయ్యి మీద అరకిలో ఒకేసారి వేస్తే మళ్లీ మరగడానికి నిమిషం దాటిపోతుంది. దాటకూడదు. అందుకని ఇంట్లో 4 లీటర్ల నీళ్లకు పావుకిలో చొప్పున రెండు విడతలుగా వేయమంటాను. వేడి 96 దగ్గరే నిలుస్తుంది, నిమిషంలోపే మళ్లీ తెర్లుతుంది. నీళ్లు మార్చనక్కరలేదు, తగ్గినంత పోసి మళ్లీ మరిగించుకుంటే చాలు.

గింజలు వేశాక మూత పెట్టి పెద్ద మంట మీద ఉంచండి. నీళ్లు మళ్లీ బుడబుడమని మరగడం మొదలైన క్షణం నుంచి గడియారం చూడండి, గింజలు వేసిన క్షణం నుంచి కాదు. మరుగు అందుకోగానే మూత తీసేయండి, కారణం రంగు దగ్గర చెబుతాను. చిల్లుల గిన్నె లేదా పలుచని గుడ్డ సంచి ఉంటే అందులో వేసి దింపడం మేలు, ఒక్కసారిగా పైకి తీయవచ్చు. జల్లి గరిటెతో ఏరుతూ కూర్చుంటే మొదటి గింజకూ చివరి గింజకూ మధ్య అర నిమిషం తేడా వస్తుంది. ఒకటిన్నర నిమిషంలో అర నిమిషం అంటే చిన్న తేడా కాదు.

ఇక చల్లార్చడం. పావుకిలో గింజలకు కనీసం పావుకిలో మంచుగడ్డలు సిద్ధంగా ఉండాలి, నీళ్లు మరగకముందే. మన సీమలో ఇక్కడ ఒక తంటా ఉంది. మిద్దె మీద ట్యాంకు నీళ్లు చలికాలంలో కూడా మధ్యాహ్నానికి వెచ్చబడతాయి, ఎండాకాలంలో అయితే స్నానానికి కాగబెట్టనక్కరలేదు. ఆ కుళాయి కింద గింజలు పెట్టి చల్లార్చామనుకోవడం భ్రమ. పైన చేయి పెడితే చల్లగా తగులుతుంది, నడుమ ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. కడవ నీళ్లో, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లో తీసుకుని అందులో మంచు వేయండి. ట్యాంకు నీళ్లు వాడితే సగం మంచు ఆ నీళ్లను చల్లబరచడానికే కరిగిపోతుంది. బ్లాంచ్ చేసినంతసేపు మంచు నీళ్లలో ఉంచి, ఒక గింజ తీసి కొరికి చూడండి. నడుమ నాలుకకు చల్లగా తగలాలి. అప్పుడు తీసేయండి. గంటసేపు నానబెడితే తీపి, విటమిన్ సి నీళ్లలోకి దిగిపోతాయి. వేడిగా ఉండగానే వార్చి గాలికి ఆరబెడితే గింజ తొక్క ముడతలు పడుతుంది, అదీ వద్దు.

చల్లబడ్డాక పొడి గుడ్డ మీద పరిచి తడి అద్దండి. తడి మిగిలితే ఫ్రీజర్‌లో గింజలన్నీ కలిసి ఒక మంచు ఇటుక అవుతాయి. పళ్లెంలో ఒకే వరసగా పరిచి మొదట గడ్డకట్టించి, తర్వాత సంచుల్లో వేసి గాలి పిండేసి మూతి కట్టండి. అప్పుడు పిడికెడు కావాలంటే పిడికెడే వస్తుంది. ఒక సంచిలో ఒక పూటకు సరిపడానే వేస్తే ఇంకా మంచిది. సున్నాకు దిగువన 18 డిగ్రీలు నిలకడగా ఉండే ఫ్రీజర్‌లో ఇవి 8 నుంచి 12 నెలలు బాగుంటాయి. ఒకే తలుపు ఫ్రిజ్ లోపల ఉండే చిన్న అరలో అంత చలి నిలవదు, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కొంత కరిగి మళ్లీ గడ్డకడుతుంది. అలాంటిదైతే మూడు నాలుగు నెలల్లో వాడేసుకోండి.

సరిగ్గా అయిందో లేదో ఎలా తెలుస్తుంది? రంగును నమ్మవద్దు. గింజ మరిగే నీళ్లలో పడిన అర నిమిషానికే ముదురు పచ్చగా మెరుస్తుంది. కణాల మధ్య ఇరుక్కున్న గాలి బయటికి పోయి, లోపలి పచ్చదనం అడ్డు లేకుండా కనబడుతుంది, అంతే. చాలామంది దాన్ని చూసి తీసేస్తారు. ఎంజైము అప్పటికి చావదు. ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. మందుల దుకాణంలో గాయాలు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చుకోండి. చల్లార్చిన గింజలు రెండు మూడు చిన్న గిన్నెలో నలిపి ఆ ద్రవం కొన్ని చుక్కలు వేయండి. బుసబుసమని నురగ పొంగితే ఎంజైములు బతికే ఉన్నాయి, సమయం చాలలేదు. పక్కన ఒక పచ్చి గింజనూ నలిపి అలాగే వేసి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. ఈ నురగ తెప్పించేది కాటలేజ్ అనే ఎంజైము. వేడికి ఇంతకన్నా మొండిగా నిలిచేవి ఉన్నాయి. అందుకే కర్మాగారాల్లో దీనికి బదులు అన్నిటికన్నా మొండిదైన పెరాక్సిడేజ్ కోసం పరీక్షిస్తారు. కాబట్టి నురగ వస్తే ఖాయంగా చాలనట్టు, రాకపోతే ఇంటి అవసరానికి సరిపోయినట్టు. పరీక్ష చేసిన గింజలు పారేయండి, తినవద్దు.

ఎక్కువైతే ఏమవుతుందో చూడగానే తెలుస్తుంది. తొక్క చిట్లుతుంది, నీళ్లు పచ్చగా మారతాయి, గింజ ఆకుపచ్చ వదిలి మాసిన రంగుకు తిరుగుతుంది.

ఈ రంగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, హోటళ్లలో బ్లాంచింగ్ ఎక్కువగా చేసేది దీనికోసమే. ఆకుపచ్చదనమిచ్చే క్లోరోఫిల్ నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. పులుపు తగిలి వేడెక్కితే ఆ మెగ్నీషియం ఊడిపోయి రంగు ముదురు ఆలివ్ గోధుమలోకి దిగుతుంది. ప్రతి కూరగాయలోనూ ఎంతో కొంత ఆమ్లం ఉంటుంది, ఉడికేటప్పుడు అది బయటికి వస్తుంది. కొంత ఆవిరితో పోతుంది, అందుకే మూత తీయమన్నాను. మిగిలినది ఎక్కువ నీళ్లలో పలచబడుతుంది. పాలకూర పనీర్‌కు ఆకును నిమిషం లోపు బ్లాంచ్ చేసి, చల్లార్చి, పిండి, రుబ్బితే ముదురాకుపచ్చగా నిలిచేది ఇందువల్లనే. ఇదే పద్ధతి గోంగూరకు పనికిరాదు. గోంగూర తన పులుపును తనలోనే పెట్టుకుని వస్తుంది. మీరు ఎన్ని నీళ్లు పోసినా, ఎంత మంచు వేసినా ఆకు నీళ్లలో పడిన కాసేపటికే రంగు మారుతుంది. చుక్కకూరదీ అదే దారి. గోంగూరను పచ్చగా ఉంచుతానని ఎవరైనా పట్టుబడితే వాళ్లు సోడా వేస్తున్నారని అర్థం. చిటికెడు వంటసోడా రంగును నిలబెడుతుంది, నిజమే. దానితోపాటు ఆకును జారుడుగా, గింజను పేస్టులా చేస్తుంది, విటమిన్లను చెడగొడుతుంది, నాలుకకు సబ్బు రుచి తగిలిస్తుంది. నా వంటశాలలో అది కూరగాయల దరిదాపులకు రాదు.

నీళ్ల గురించి మరో మాట. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు గట్టి నీళ్లు, అడుగున తెల్లటి పొర కట్టేవి. వాటిలోని కాల్షియం గింజ తొక్కలోని పెక్టిన్‌తో కలిసి దాన్ని బిగుసుకునేలా చేస్తుంది. అదే నీళ్లలో పప్పు ఎందుకు ఉడకదో మీకు తెలిసే ఉంటుంది. బ్లాంచింగ్‌కు తాగే నీళ్లు వాడండి. ఉప్పు వేయడం మీ ఇష్టం, దాచడానికి దానితో లాభమేమీ లేదు.

నీళ్లలో విటమిన్ సి పోతుందని బాధపడేవాళ్లు ఆవిరి మీద చేయవచ్చు. ఇడ్లీ పాత్ర సరిపోతుంది. రేకుల మీద ఒకే వరసగా పరిచి, నీళ్లు మరుగుతున్నప్పుడు పెట్టి, నీళ్లలో పట్టే సమయానికి ఒకటిన్నర రెట్లు ఉంచాలి. బఠాణీకి అది రెండుంబావు నిమిషాలు. కుప్పగా పోస్తే నడుమ గింజలకు ఆవిరి అందదు, అప్పుడు మళ్లీ అరకొర పనే. పావుకిలో దాటితే నేనైతే నీళ్లే వాడతాను.

మీరు కడపవారు కాబట్టి అనపకాయల సంగతి కూడా అడుగుతారు. సంక్రాంతి రోజుల్లో దొరికే అనపగింజలను ఇలాగే దాచుకోవచ్చు. గింజ పెద్దది, తొక్క మందం కాబట్టి పరిమాణాన్ని బట్టి 2 నుంచి 3 నిమిషాలు ఇవ్వండి, పెరాక్సైడ్ చుక్కతో సరిచూసుకోండి. పితికిపప్పు కోసం నానబెట్టి తొక్క తీసిన గింజలైతే సమయం తగ్గుతుంది. అయితే బ్లాంచ్ చేసిన అనపగింజలు ఉడికినవి కావు. తర్వాత కూరలో పూర్తిగా ఉడికించాల్సిందే, కొరుక్కు తినేవి కావు.

అన్ని కూరగాయలకూ ఇది అవసరమా అంటే లేదు. తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, క్యాప్సికం, కొత్తిమీర, కరివేపాకు ఏ బ్లాంచింగూ లేకుండా ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. టమాటాకూ దాచడానికి అక్కరలేదు. పత్తికొండ సంతలో ధర పడిపోయినప్పుడు గంపలకొద్దీ కొనేవాళ్లు శుభ్రంగా కడిగి తుడిచి కాయలుగానే పెట్టేసుకోవచ్చు, మంచు కరిగేటప్పుడు తొక్క దానంతటదే ఊడి వస్తుంది. టమాటాను బ్లాంచ్ చేయమని వంటకంలో ఉంటే అది తొక్క తీయడానికి. అడుగున కత్తితో చిన్న గీత పెట్టి, మరిగే నీళ్లలో అర నిమిషం నుంచి నిమిషం ఉంచి, తొక్క చిట్లగానే మంచు నీళ్లలో వేస్తే అరటి పండులా ఒలుచుకుంటుంది. బాదంపప్పుకూ అంతే, ఒక నిమిషం. మా అనంతపురం వేరుశనగ వ్యాపారంలో బ్లాంచ్ చేసిన పప్పు అన్నప్పుడు మాత్రం నీళ్లతో సంబంధం లేదు. పొడి వేడి తగిలించి, చల్లార్చి, ఎర్ర పొట్టు రాలగొట్టిన పప్పును అలా పిలుస్తారు. వంటకంలో ఆ మాట కనబడితే వేరుశనగను నీళ్లలో వేయకండి.

బ్లాంచింగ్ గింజ లోపలి పనిని ఆపుతుంది గాని సూక్ష్మజీవులన్నింటినీ చంపదు. పైన ఉన్న మురికి, కొన్ని క్రిములు తగ్గుతాయి, అంతే. బ్లాంచ్ చేసిన గింజలను బయట సీసాలో పెట్టి మూత బిగించడం, నూనెలో వేసి గట్టు మీద ఉంచడం ప్రమాదం. చల్లబడిన వెంటనే ఫ్రీజర్‌లోకి వెళ్లాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. పెళ్లిళ్లకు మేము ముందురోజు రాత్రి బీన్స్, క్యారెట్, బఠాణీ బ్లాంచ్ చేసి చలిపెట్టెలో పెడతాం. తెల్లవారి పులావు దించడానికి ఐదు నిమిషాల ముందు కలుపుతాం.

మీ ఫ్రీజర్‌లో మిగిలిన ఆ పాత గింజలను ఇప్పుడు బ్లాంచ్ చేసి లాభం లేదు, వాసన అప్పటికే గింజలో ఉంది. మసాలా దట్టంగా పడే కుర్మాలో సరిపెట్టుకోవచ్చు, పులావులో మాత్రం వేయకండి. ఈసారి గింజలు ఒలిచిన రోజే పని ముగించండి. కాయలో ఉన్నంతవరకు కొంత ఆగుతాయి గాని, ఒలిచి డబ్బాలో పోసి మరునాడు చూద్దామంటే తీపి సగం పిండిగా మారిపోతుంది. ఆ తీపిని ఏ బ్లాంచింగూ వెనక్కి తేలేదు.